ఇరవై ఆరు పేజీల మాటల్లోంచి ఐదు కొటేషన్లు

పోచంపల్లి వైపు ఇక్కత్ చీరలు నేసే ఒక పెద్దామెతో గంటా పది నిమిషాల ఇంటర్వ్యూ అది. విని రాస్తే 26 పేజీలైంది. దాన్ని వంద పదాల సారాంశానికీ, ఐదు కొటేషన్లకూ తేవాలి.

మొదటిసారి చదివేటప్పుడు ఒక్క మాటా కొట్టెయ్యలేదు. పక్కన ఖాళీలో విషయం పేరు మాత్రం రాసుకుంటూ పోయాను: ఆసు, చిటికి, కూలి, పిల్లలు. చిటికి అంటే రంగు వేసే ముందు దారానికి అక్కడక్కడా కట్లు కట్టడం. ఏది ఎన్నిసార్లు వచ్చిందో అప్పుడే తెలుస్తుంది. ఆసు పోస్తే, అంటే పుల్లల చుట్టూ దారం తిప్పుతూ పోతే, వచ్చే భుజం నొప్పి గురించి 3, 11, 19 పేజీల్లో చెప్పింది. మూడింటినీ పక్కపక్కన పెట్టి, నిండుగా ఉన్న 19వ పేజీ మాటలు ఉంచాను. మిగతావి తీసేసే ముందు తేడాలు చూడాలి. చీరకు మూడు రోజులని 3వ పేజీలో ఉంటే, 19లో వారం అని ఉంది. ఫోన్ చేసి అడిగితే, మూడు రోజులు మగ్గం మీది నేతకే, వారం ముందు పనులతో కలిపి అని తేలింది.

ఊతపదాల దగ్గరే చెయ్యి తొందరపడుతుంది. రాతప్రతిలో ఇలా ఉంది:

"అంటే ఇగ, ఆసు పోసుడంటే గదే, ఏందంటే, పొద్దుగాల కూసుంటే మాపటిదాంక చెయ్యి తిప్పుడే, తిప్పుడే. ఇగ రెక్క, మరి, రాత్రికి లేవది."

నేను ఉంచింది:

"ఆసు పోసుడంటే పొద్దుగాల కూసుంటే మాపటిదాంక చెయ్యి తిప్పుడే, తిప్పుడే. రెక్క రాత్రికి లేవది."

మొదటి "అంటే" ఊతం, పోయింది. "పోసుడంటే"లోది అర్థం చెప్పే అంటే, అది ఉండాలి. "తిప్పుడే, తిప్పుడే" చూడ్డానికి పునరుక్తి, కానీ ఆ పని విసుగంతా ఆ రెండోసారిలోనే ఉంది. యాసనూ ముట్టుకోలేదు. "లేవది"ని "లేవదు" చేస్తే అది ఆమె మాట కాదు.

ఒక మంచి వాక్యాన్ని మాత్రం వదులుకోవాల్సి వచ్చింది. "పిల్లలు ఈ పనిలోకి రావద్దనుకుంటున్నారా?" అన్న ప్రశ్నకు ఆమె "ఆఁ, గంతే" అంది. ఆ వాక్యం అడిగినవాళ్లది, ఆమెది కాదు. కొటేషన్‌గా పెట్టకుండా, అడిగితే ఔనందని సారాంశంలో రాశాను. అలాగే వేర్వేరు పేజీల వాక్యాలను ఒకే కొటేషన్లో అతికించలేదు. ఒకే జవాబులో మధ్యభాగం తీసేస్తే మూడు చుక్కలు పెట్టాను.

సారాంశం చివరికి రాశాను. ఆమె చెప్పిన వరసలో కాకుండా పని నడిచే వరసలో రాశాను: ముందు ఆసు, తర్వాత చిటికి, రంగు, మగ్గం, కూలి. తర్వాత ఐదు కొటేషన్లనూ రికార్డింగుతో సరిచూసి, ఒక్కోదాని పక్కన నిమిషం, సెకను వేశాను. అక్కడే ఒకటి దొరికింది: "కూలి పెరగలే" అని రాసుకున్నది నిజానికి "కూలి పెరిగె". గాలి హోరులో విని రాసినవాళ్లు పొరబడ్డారు.