పేపర్ మధ్యలో బ్లాంక్ అయితే ఏ దారిన వెనక్కి రావాలి?

పదో తరగతి పిల్లలున్న ఇంట్లో ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వినిపిస్తుంది: "అంతా చదివాను అమ్మా, కానీ పేపర్ మధ్యలో బ్లాంక్ అయిపోయాను." విన్నవాళ్ళు "సరిగ్గా చదివుండవు" అంటారు, లేదంటే "టెన్షన్ పడకు" అంటారు. ఈ రెండూ ఆ పిల్లకి పనికొచ్చే మాటలు కావు. ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. చదివింది నిజంగా మనసులో లేదా, ఉండి కూడా ఆ నిమిషంలో పైకి రాలేదా?

ఇది కనిపెట్టడం కష్టమేమీ కాదు. పరీక్ష అయ్యాక, పుస్తకం ముట్టుకోకముందే, బస్సులోనో భోజనం దగ్గరో జవాబు దానంతట అదే వచ్చేస్తే అది బ్లాంక్ అవడమే. పుస్తకం తెరిచి చూశాకే "అరె, ఇది నాకు తెలుసు కదా" అనిపిస్తే మాత్రం అది వేరే సంగతి. హైలైటర్‌తో గీసుకుంటూ పదిసార్లు చదివితే పేజీ బాగా పరిచయమవుతుంది. ఆ పరిచయాన్నే పిల్లలు "వచ్చేసింది" అనుకుంటారు. దానికి మందు పుస్తకం మూసి రాసి చూసుకోవడమే. నేను ఇక్కడ రాస్తున్నది మొదటి రకం గురించి.

మాది మదనపల్లె. పెళ్ళయ్యాక బెంగళూరు వచ్చేశాం, అమ్మాయి పుట్టింది, పెరిగింది ఇక్కడే. ఇంట్లో తెలుగు, స్కూల్లో ఇంగ్లీషు, కింద ఆడుకునేటప్పుడు కన్నడ. ఏ భాషలో ఉన్నప్పుడు ఆ భాషలో హాయిగానే ఉంటుంది. చదువు మాత్రం మొత్తం ఇంగ్లీషులోనే, అదీ నోరు మెదపకుండా, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని. నేను తెలుగు మీడియంలో, పక్కింటికి వినబడేలా చదువుకున్నదాన్ని. మా ఇద్దరి చదువులకీ మధ్య ఉన్న ఈ దూరమే, నాకు అర్థమైనంతవరకు, బ్లాంక్ అయినప్పుడు ఎక్కువ పనికొచ్చింది. ఎలాగో చెప్తాను.

ప్రీ-బోర్డ్ లెక్కల పేపర్. సీబీఎస్‌ఈ పద్ధతిలో మూడు గంటలు, 80 మార్కులు. మొదటి సెక్షన్లో ఒక మార్కు ప్రశ్నలు ఇరవై చకచకా పెట్టేసింది. అయిదు మార్కుల ప్రశ్నల దగ్గరికొచ్చేసరికి థేల్స్ సిద్ధాంతం నిరూపించమని ఉంది. త్రిభుజంలో ఒక భుజానికి సమాంతరంగా గీత గీస్తే అది మిగతా రెండు భుజాల్నీ ఒకే నిష్పత్తిలో విడగొడుతుందని చెప్పే సిద్ధాంతం. వారం ముందు మూడుసార్లు రాసిన ప్రూఫ్ అది. ప్రశ్న చదివింది, మళ్ళీ చదివింది, మొదటి వాక్యం రాలేదు. గుండె దడదడలాడింది, చేతివేళ్ళు చల్లబడ్డాయి. మూడోసారి చదివేసరికి ప్రశ్నలోని మాటలకే అర్థం తెలియకుండా పోయిందట.

అక్కడ జరిగేది ఇది. కంగారు పుట్టగానే ఒంట్లో అడ్రినలిన్, కార్టిసాల్ లాంటి హార్మోన్లు పెరుగుతాయి. జ్ఞాపకాన్ని వెతికి తెచ్చే పనికి ఇవి అడ్డొస్తాయి. 2000లో స్విట్జర్లాండ్‌లో పరిశోధకులు కొందరికి పదాల జాబితా నేర్పించి, మర్నాడు గుర్తు తెచ్చుకునే ముందు, ఒంట్లో కార్టిసాల్‌గా మారే కార్టిజోన్ మాత్ర ఇచ్చి చూశారు. వాళ్ళకి గుర్తొచ్చిన పదాలు తగ్గాయి. నేర్చుకున్నది చెరిగిపోలేదు, దాన్ని బయటికి తీయడం కష్టమైంది. దీనికి తోడు, లెక్క చేసేటప్పుడు నాలుగు విషయాలు ఒక్కసారి మనసులో పట్టుకోవాలి కదా, ఆ చోటంతా "అయిపోయింది, ఫెయిలవుతాను" అన్న ఆలోచనే ఆక్రమించేస్తుంది. అందుకే అదే ప్రశ్నని పట్టుకుని ఇంకా గట్టిగా ఆలోచించినకొద్దీ రావలసింది రాదు, తప్పుడు వాక్యమే మళ్ళీ మళ్ళీ అడ్డం పడుతుంది.

కాబట్టి మొదట చేయవలసింది ఆలోచించడం ఆపడం. పెన్ను కింద పెట్టి, నాలుగు లెక్కపెట్టేంతసేపు ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు వదలాలి. ఇలా ఆరుసార్లు చేస్తే నిమిషం పడుతుంది. వదిలే ఊపిరి పొడుగ్గా ఉండడం ముఖ్యం, గుండె వేగం తగ్గేది అప్పుడే. ఆ నిమిషం పోతుందని పిల్లలు భయపడతారు. 180 నిమిషాల్లో 80 మార్కులంటే మార్కుకి రెండుంబావు నిమిషాలు, అయిదు మార్కుల ప్రశ్నకి పదకొండు నిమిషాలు. అందులో ఒక నిమిషం ఊపిరికి ఇవ్వచ్చు. అదే ప్రశ్న మీద ఇరవై నిమిషాలు కొట్టుకుంటే మాత్రం తర్వాత రాయగలిగిన నాలుగు మార్కులు చేజారతాయి.

రెండోది, చేయి ఆపకుండా చూసుకోవడం. మా అమ్మాయి ప్రూఫ్ రాకపోయినా బొమ్మ గీసింది. ABC త్రిభుజం, BC కి సమాంతరంగా DE. కింద ఏమిచ్చారో, ఏం నిరూపించాలో రాసింది. నా కాలంలో దత్తాంశం, సారాంశం, నిర్మాణం, ఉపపత్తి అని వరసగా రాయించేవాళ్ళు. ఆ వరసకి ఇప్పుడూ విలువుంది, ఎందుకంటే సీబీఎస్‌ఈలో మెట్టు మెట్టుకీ మార్కులుంటాయి. ప్రూఫ్ పూర్తి కాకపోయినా ఈ ముందు భాగానికి కొంత దక్కుతుంది. అంతకంటే ముఖ్యం, గీసిన బొమ్మ కళ్ళముందుంటే మనసులో పట్టుకోవలసిన బరువు తగ్గుతుంది.

తర్వాత పేజీ ఖాళీ వదిలి ముందుకెళ్ళింది. లెక్కల పేపర్లో ప్రశ్న నంబరు స్పష్టంగా వేస్తే జవాబులు ఏ వరసలోనైనా రాసుకోవచ్చు. ఇక్కడ ఏ ప్రశ్నకి వెళ్ళాలన్నది కూడా చూసుకోవాలి. ఇంకో ప్రూఫ్‌కి వెళ్తే మళ్ళీ అదే గోడ ఎదురవుతుంది. తను పట్టిక ఇచ్చి సగటు కనుక్కోమన్న లెక్క పట్టుకుంది. కూడికలు, గుణకారాలు, చేయి తనంతట తనే చేసుకుపోయే పని. పావుగంటలో గుండె నెమ్మదించింది.

తిరిగి ప్రూఫ్ దగ్గరికొచ్చాక ఈసారి పుస్తకంలో వాక్యం కోసం వెతకలేదు. అంతకుముందు ఆదివారం అదే ప్రూఫ్ మా అమ్మకి చెప్పింది. అమ్మ వంటింట్లో పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది, ఇది పక్కన నేలమీద సుద్దముక్కతో బొమ్మ గీసి, "అమ్మమ్మా, ఈ రెండు త్రిభుజాలకీ ఎత్తు ఒకటే, అడుగు భుజాలు వేరు, అప్పుడు ఏది పెద్దది?" అని అడిగింది. అమ్మ చేతిలో పని ఆపకుండానే, "ఎత్తొకటే అయితే గట్టు పొడవు ఎంతో వాటా అంతే కదమ్మా, పొలం పంచుకున్నట్టు" అంది. హాల్లో ఇంగ్లీషు వాక్యం రాలేదు, ఈ మాట వచ్చింది. ప్రూఫ్ గుండెకాయంతా అందులోనే ఉంది.

చూడండి. BE, CD కలిపితే ADE, BDE త్రిభుజాలకి E నుంచి ఎత్తు ఒకటే, అందుకని వాటి వైశాల్యాల నిష్పత్తి AD/DB. అలాగే ADE, DEC లకి D నుంచి ఎత్తు ఒకటే, నిష్పత్తి AE/EC. BDE, DEC రెండూ DE అనే ఒకే భూమి మీద, ఒకే సమాంతర రేఖల మధ్య ఉన్నాయి కాబట్టి వాటి వైశాల్యాలు సమానం. కనక AD/DB = AE/EC. ఇంగ్లీషులోకి మార్చి రాయడానికి ఏడెనిమిది నిమిషాలు పట్టిందట. BDE, DEC ఎందుకు సమానమో కారణం రాయడం మర్చిపోయింది, దానికి ఒక మార్కు పోయింది. మిగతావి వచ్చాయి.

ఇది అదృష్టం కాదు. నేర్చుకున్న విషయంతో పాటు ఆ చోటు, ఆ గొంతు, ఆ భాష కూడా కలిసే జ్ఞాపకంలోకి వెళ్తాయి. అమెరికాలో రష్యన్, ఇంగ్లీషు రెండూ మాట్లాడే విద్యార్థులతో మేరియన్, నైసర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2000లో చేసిన ప్రయోగంలో, రష్యన్‌లో అడిగితే రష్యన్ మాట్లాడుతూ గడిపిన రోజుల జ్ఞాపకాలు ఎక్కువ వచ్చాయి, ఇంగ్లీషులో అడిగితే ఇంగ్లీషు రోజులవి. పాఠాన్ని ఇంగ్లీషులో మాత్రమే, అదీ ఒకే నోట్సులో చదివిన పిల్లకి తిరిగి రావడానికి ఉన్నది ఒకటే దారి. అదే పాఠం ఇంట్లో తెలుగులో ఎవరికైనా చెప్పిన పిల్లకి రెండో దారి ఉంటుంది. రెండు భాషల మధ్య పిల్లలు నలిగిపోతున్నారని మనలో చాలామంది బాధపడతాం, ఇంగ్లీషు మీడియం పిల్లతో చదువు విషయం తెలుగులో మాట్లాడితే గందరగోళపడుతుందని మానేస్తాం. నేనైతే మానొద్దంటాను. పదాలు ఇంగ్లీషువే ఉండనివ్వండి, వివరణ తెలుగులో చెప్పించండి. అయితే జవాబు రాసే ఇంగ్లీషు కూడా విడిగా సాధన చేయాలి, లేకపోతే విషయం గుర్తొచ్చినా వాక్యం కుదరక ఆలస్యమవుతుంది.

మా పాత బట్టీ పద్ధతిలోనూ ఒక చిక్కుంది. పద్యంలా మొదటినుంచి అప్పజెప్పడం నేర్చుకున్నది మధ్యలో తెగితే మళ్ళీ మొదటికి వెళ్ళాల్సిందే, నడుమ అందుకోలేరు. అందుకే ఇప్పుడు ఇంట్లో ఇలా చేస్తున్నాం. ప్రూఫ్‌లో మూడో మెట్టు నేను చెప్తాను, అక్కడినుంచి తను రాయాలి. ఇంకోరోజు చివరి వాక్యం ఇస్తాను, దానికి ముందు ఏముండాలో తను చెప్పాలి. శనివారం పూర్తి పేపర్ రాసేటప్పుడు మధ్యలో నేను "ఆపు" అంటాను. పెన్ను కింద పెట్టి, ఆరు ఊపిర్లు తీసుకుని, పేజీ వదిలి వేరే ప్రశ్నకి వెళ్ళి, తిరిగి రావాలి. నిజంగా బ్లాంక్ అయిన రోజు ఏం చేయాలో కొత్తగా ఆలోచించే పరిస్థితి ఉండదు కాబట్టి, ఇది చేతికి అలవాటు కావాలి. బోర్డు పరీక్షలో మొదటి పావుగంట ప్రశ్నపత్రం చదవడానికే ఇస్తారు, అప్పుడు జవాబులు రాయకూడదు. ఆ సమయంలో తేలిగ్గా చేసేయగలిగే ప్రశ్నలు రెండు మూడు మనసులో గుర్తుపెట్టుకోమన్నాను. బ్లాంక్ అయితే వెళ్ళేది వాటి దగ్గరికే.

వీటితో సర్దుకోని పిల్లలూ ఉంటారు. పరీక్ష పేరెత్తితే వాంతులవడం, వారాల తరబడి నిద్ర పట్టకపోవడం, ప్రతి పేపర్లోనూ బ్లాంక్ అవడం ఉంటే అది చదువు మెళకువలతో పోయేది కాదు, ఎవరికైనా చూపించాలి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పలుకుతారు. దీనికి సారథ్యం మన బెంగళూరు నిమ్హాన్స్‌దే. కన్నడలోనే కాదు, తెలుగులోనూ మాట్లాడతారు. ఇంట్లో చెప్పుకోలేనిది పిల్ల తనకి సులువైన భాషలో వాళ్ళకి చెప్పుకోవచ్చు.