ఆమ్ల క్లోరైడ్ నుంచి ఎమైడ్ దాకా: క్రమం అందరికీ వచ్చు, కారణం దగ్గరే తడబాటు

ఆమ్ల క్లోరైడ్ > ఎనహైడ్రైడ్ > ఎస్టర్ > ఎమైడ్. అనంతపురంలో, కడపలో పీజీసెట్‌కు కెమిస్ట్రీ చదివే ఎవరిని అడిగినా న్యూక్లియోఫైల్‌తో చర్యలో చురుకుదనం తగ్గే ఈ వరస నోటికి చెప్తారు. ఎందుకు అంటే మాత్రం చాలామంది ఒకటే రాస్తారు: క్లోరిన్‌కు ఋణవిద్యుదాత్మకత ఎక్కువ, కాబట్టి కార్బొనైల్ కార్బన్ మీద ధనావేశం పెరుగుతుంది, న్యూక్లియోఫైల్ సులువుగా దాడి చేస్తుంది. ఇది తప్పు కాదు గానీ, దీంతో వరస మొత్తం రాదు.

పౌలింగ్ స్కేలు మీద క్లోరిన్ 3.16, నైట్రోజన్ 3.04. తేడా లేనట్టే. అయినా ఒకటి వరసలో మొదట, ఇంకొకటి చివర. ఆక్సిజన్‌ది 3.44, రెండిటికన్నా ఎక్కువ, ఎస్టరేమో క్లోరైడ్‌కు చాలా కింద. అంటే లాగే బలం ఒక్కటే చూస్తే చాలదు, ఒంటరి జంటను తిరిగి ఎంత ఇస్తుందో కూడా చూడాలి.

ఎమైడ్‌లో నైట్రోజన్ ఒంటరి జంట 2p ఆర్బిటాల్‌లో ఉంటుంది. పక్కనున్న కార్బన్‌ది కూడా 2p. పరిమాణం సరిపోతుంది, అతిపాతం బాగా జరుగుతుంది. పైగా ఆక్సిజన్‌తో పోలిస్తే నైట్రోజన్ తన జంటను వదలడానికి అంత వెనకాడదు. దాంతో C–N బంధానికి కొంత ద్విబంధ లక్షణం వస్తుంది, కార్బన్ మీద ధనావేశం తగ్గుతుంది. క్లోరిన్ జంట 3pలో ఉంది, కార్బన్ 2pతో సరిగా కలవదు. కాబట్టి క్లోరిన్ లాగడమే తప్ప ఇవ్వడం తక్కువ. జవాబులో ఈ 3p–2p మాట తప్పకుండా ఉండాలి.

ఎనహైడ్రైడ్, ఎస్టర్ రెండిట్లోనూ జంట ఇచ్చేది ఆక్సిజనే. తేడా ఏమిటంటే ఎనహైడ్రైడ్‌లో మధ్య ఆక్సిజన్‌కు రెండు వైపులా కార్బొనైల్ ఉంది. ఒకే జంట కోసం ఇద్దరూ పోటీ, ఎవరికీ పూర్తిగా దక్కదు. అందుకే అది ఎస్టర్ కన్నా పైన.

ఇక రెండో సగం లీవింగ్ గ్రూప్. బయటికి పోయే అయాన్ ఎంత బలహీన క్షారమో అంత తేలిగ్గా పోతుంది. దాని సంయుగ్మ ఆమ్లం పీకేఏ చూస్తే సరిపోతుంది: HCl సుమారు –7, ఎసిటిక్ ఆమ్లం 4.76, ఇథనాల్ 16, అమోనియా 38 దగ్గర. వరస మళ్లీ అదే వచ్చింది.

ఒక ఉదాహరణ చూడండి. ఇథైల్ ఎసిటేట్‌కు అమోనియా కలిపితే ఎసిటమైడ్ వస్తుంది. చతుర్ముఖీయ మధ్యస్థంలో నైట్రోజన్ మీది ప్రోటాన్ పోయాక, వెళ్లడానికి ఇద్దరు సిద్ధంగా ఉంటారు: ఇథాక్సైడ్, ఎమైడ్ అయాన్. పీకేఏ 16, 38 మధ్య పోటీ కాబట్టి ఇథాక్సైడే పోతుంది. ఇదే ఎసిటమైడ్‌కు సోడియం ఇథాక్సైడ్ కలిపితే? అదే మధ్యస్థం ఏర్పడినా, మళ్లీ ఇథాక్సైడే వెనక్కి పోతుంది. ఎస్టర్ రాదు. ఎమైడ్ నుంచి ఎస్టర్ ఇలా నేరుగా వస్తుందని ఆప్షన్ ఇస్తే కొట్టేయండి.

లెక్కల ప్రశ్నల్లో జారిపోయే చోటు ఒకటుంది. ఎసిటైల్ క్లోరైడ్ 7.85 గ్రాములు, ఎనిలిన్ 9.3 గ్రాములు, రెండూ 0.1 మోల్. వేరే క్షారం వేయకపోతే ఎసిటనిలైడ్ 0.1 మోల్ రాదు, గరిష్ఠంగా 0.05 మోలే. వెలువడిన HClను మిగిలిన ఎనిలిన్ పట్టుకుని ఎనిలినియం క్లోరైడ్‌గా మారుతుంది, దానికి ఇక దాడి చేసే జంట ఉండదు. పిరిడిన్ వేయాలి, లేదా ఎనిలిన్ రెట్టింపు తీసుకోవాలి. ల్యాబ్‌లో చేసేవాళ్లకు ఇంకో మాట: ఎసిటైల్ క్లోరైడ్ సుమారు 51 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. మన మే నెల ఎండలో సీసా లోపల ఒత్తిడి పెరిగి ఉంటుంది. చల్లబరిచి, ఫ్యూమ్ హుడ్‌లోనే తెరవాలి. మూత తీయగానే తెల్లటి పొగ వస్తే గాలిలో తేమతో కలిసి HCl వస్తున్నట్టు.

వరసను సరిచూసుకోవడానికి ఐఆర్ బాగా పనికొస్తుంది. రెజొనెన్స్ ఎక్కువైతే C=O బలహీనపడి విలువ తగ్గుతుంది: క్లోరైడ్ 1800, ఎస్టర్ 1740, ఎమైడ్ 1650–1690 సెం.మీ⁻¹. ఎనహైడ్రైడ్‌కు 1820, 1760 దగ్గర రెండు శిఖరాలు వస్తాయి. అది రెండు C=O ల కంపనాలు కలిసిపోవడం వల్ల. 1820 చూసి క్లోరైడ్ కన్నా చురుకైనదని రాయకండి.

మెలిక ప్రశ్న పెన్సిలిన్ మీద వస్తుంది. అదీ ఎమైడే, కానీ నాలుగు పరమాణువుల వలయం ఇంకో వలయంతో అతికి ఉండటంతో నైట్రోజన్ సమతలంగా మారలేదు, జంట కార్బొనైల్‌కు అందదు. శిఖరం 1770 పైకి పోతుంది. వలయంలోని వికృతి కూడా తోడై, బ్యాక్టీరియా ఎంజైమ్‌లోని సెరీన్ OH దాన్ని తేలిగ్గా తెరుస్తుంది.