గోడ లేకుండా వెనక్కి తిరిగిన ప్రోటాన్: మూడో వారం

ఈ వారం అంతా ఒక్క తప్పు వెనకే గడిచింది. విజయనగరంలో సాయంత్రాలు కరెంటు పోతూ ఉండడంతో లాప్‌టాప్ బ్యాటరీ ఉన్నంతసేపే పని.

లెక్క ఇది: కణాన్ని గోడ లేకుండానే వెనక్కి తిప్పే అయస్కాంత అద్దాన్ని లాప్‌టాప్‌లో నడపడం. నడుమ 0.1 టెస్లా అయస్కాంత క్షేత్రం, రెండు చివర్లకీ పోయేకొద్దీ క్షేత్రపు గీతలు దగ్గరపడి బలం పెరుగుతుంది. అందులో 1 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్ ప్రోటాన్‌ని గీతకి 45 డిగ్రీల కోణంలో వదిలాను. అది చుట్టే వృత్తం వ్యాసార్ధం 3.2 సెం.మీ., ఒక చుట్టుకి 0.66 మైక్రోసెకన్లు. క్షేత్రం రెట్టింపయ్యే చోట, అంటే నడుమ నుంచి 1 మీటరు దూరంలో, అది వెనక్కి తిరగాలి.

తిరగలేదు. నేరుగా బయటికి పోయింది. మా బావ పక్కన కూర్చుని, "ఏటి బావా, నీ అద్దానికి చిల్లు పడిందా?" అన్నాడు.

మొదట అనుమానం అంకెల పద్ధతి మీద. నిజమే, సాదా ఆయిలర్ పద్ధతిలో ఒక్క చుట్టులోనే అడ్డపు వేగానికి చెందిన శక్తి 1.8 రెట్లవుతోంది. అయస్కాంత క్షేత్రంలో శక్తి మార్చకుండా వేగాన్ని తిప్పే బోరిస్ పద్ధతికి మారి, కాలపు అడుగు 10 నానోసెకన్లు పెట్టాక శక్తి కదలడం మానేసింది. అయినా ప్రోటాన్ పారిపోతూనే ఉంది.

చివర్ల వైపు పోయే z దిశ వేగాన్ని గ్రాఫు గీసి చూస్తే అసలు దొంగ దొరికాడు: ఆ గ్రాఫు తలకిందులవడం మాట అటుంచి, కొంచెం కూడా వంగలేదు. నేను క్షేత్రంలో z దిశ భాగం Bz మాత్రమే రాశాను. Bz ఎంత పెరిగినా అది ప్రోటాన్‌ని తోసే తోపు అడ్డంగానే ఉంటుంది, ముందుకు పోయే వేగాన్ని తాకదు. వెనక్కి తోసేది గీతలు దగ్గరపడినప్పుడు పుట్టే పక్క భాగం. అది లేకపోతే ఒక చోట నుంచి బయటికి పోయే గీతల లెక్క, అంటే డైవర్జెన్స్, సున్నా కాదు, అలాంటి క్షేత్రం ప్రకృతిలో ఉండదు.

```python
def B(x, y, z):
    k = B0*z/L**2
    return np.array([-k*x, -k*y, B0*(1 + z*z/L**2)])
```

x, y దిశల ఆ రెండు పదాలు చేర్చగానే ప్రోటాన్ 1 మీటరు దగ్గరే తిరిగింది. అడ్డపు వేగం వర్గాన్ని B తో భాగిస్తే దాదాపు స్థిరం. కాబట్టి B పెరిగితే చుట్టే వేగం పెరగాలి, మొత్తం వేగం మారదు గనక ముందుకు పోయే వేగం తరుగుతూ సున్నాకి వస్తుంది. ఈ ఆకారం క్షేత్రంలో ఆ ఊగుడు అచ్చంగా స్ప్రింగు ఊగుడే. క్షేత్రం రెట్టింపయ్యే దూరం L అయితే, ఒక పూర్తి రాకపోకకి 2πL ని నడుమ ఉన్న అడ్డపు వేగంతో భాగించాలి: L = 1 మీటరుకి 20 మైక్రోసెకన్లు. నా గ్రాఫులోనూ దాదాపు అంతే.

ఆఖరి పరీక్షగా, క్షేత్రం నాలుగు రెట్లయ్యే 1.73 మీటర్ల దగ్గర గొట్టం చివర పెట్టాను. నాలుగు రెట్ల క్షేత్రం దగ్గర సరిగ్గా తిరగాలంటే మొదటి కోణం సైన్ వర్గం 1/4 కావాలి, అది 30 డిగ్రీల దగ్గర. 28 డిగ్రీల ప్రోటాన్ బయటికి పోయింది, 32 డిగ్రీలది 1.6 మీటర్ల దగ్గర ఆగి వెనక్కొచ్చింది. బావ "మరి ఇది ఎప్పటికీ ఉండిపోద్దా?" అన్నాడు. నా లాప్‌టాప్‌లో ఉంటుంది, ఢీకొట్టడానికి ఇంకో కణం లేదు కాబట్టి. నిజమైన యంత్రంలో చిన్న చిన్న తాకిళ్లే కోణాన్ని 30 లోపలికి నెట్టేస్తాయి. వచ్చే వారం ఆ తాకిళ్లు చేర్చి, 32 డిగ్రీలది ఎన్ని ఊగుళ్లు నిలుస్తుందో లెక్కపెట్టాలి.