ఫిషింగ్ లింక్ రిపోర్టులో నేను కొట్టేసిన రెండు వాక్యాలు

నిన్న సాయంత్రం నాలుగింటికి ఆ రిపోర్టు పని తెమిలింది. మాదాపూర్‌లోని మా ఆఫీసులో అకౌంట్స్ టీమ్‌ను నేను చూస్తాను. మా టీమ్ అమ్మాయి ఒకరు జీతం స్లిప్ పేరుతో వచ్చిన మెయిల్‌లో లింక్ నొక్కి, పాస్‌వర్డ్ ఇచ్చింది. అనుమానం రాగానే, తొమ్మిది నిమిషాల్లో నా దగ్గరికి వచ్చి చెప్పింది. పాస్‌వర్డ్ మార్పించి, మెయిల్ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే హెడర్లు పోకుండా అసలు మెయిల్‌ను ఫార్వర్డ్ చేయకుండా అటాచ్‌మెంట్‌గా సెక్యూరిటీ టీమ్‌కు పంపాను. అది పది నిమిషాల పని.

రిపోర్టు దగ్గరే నా పరువు పోయింది. "ఉద్యోగి అజాగ్రత్తగా లింక్ నొక్కారు. వారు చెప్పిన సమయం లాగ్‌తో సరిపోవడం లేదు" అని రాశాను. ఆమె ఉదయం 10:42 అంటోంది, లాగ్‌లో ఇలా ఉంది:

```
05:12:36Z
```

ఏదో దాస్తోందనే అనుకున్నాను. సెక్యూరిటీ అబ్బాయి ఫోన్ చేసి, "అన్నా, చివర ఆ Z చూశారా? అది యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం. మన టైమ్‌కి ఐదున్నర గంటలు కలపండి" అన్నాడు. సరిగ్గా 10:42. నిజం చెప్పిన మనిషిని కాగితం మీద అబద్ధాలకోరును చేశాను. పైగా ఫిషింగ్ లాంటి ఘటనను గమనించిన ఆరు గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలని ఆ సంస్థ 2022 ఆదేశాలు చెబుతున్నాయి. సమయం తప్పు రాస్తే ఆ లెక్కే తప్పుతుంది.

"అజాగ్రత్తగా అని మీకెలా తెలుసు? చూసింది మాత్రమే రాయండి" అన్నాడు తర్వాత. అప్పుడు ఆమెను కూర్చోబెట్టి అడిగాను. మెయిల్ ఫోన్‌లో తెరిచిందట. ఫోన్ స్క్రీన్ మీద పంపినవారి పేరే కనిపించింది, అడ్రస్ కనిపించలేదు. నేను రాసిన "అజాగ్రత్త" ఆ కారణాన్ని పూర్తిగా కప్పేసింది. ఆ మాట కొట్టేసి ఇలా రాశాను: "10:42కు ఉద్యోగి ఫోన్‌లో లింక్ తెరిచారు. పంపినవారి అడ్రస్ స్క్రీన్‌పై కనిపించలేదు. 10:43కు పాస్‌వర్డ్ ఇచ్చారు. 10:51కు టీమ్ లీడ్‌కు తెలిపారు." మీరూ తిట్టు, అభిప్రాయం, ఊహ ఏవీ పెట్టకండి. లింక్ తెరవడాన్నీ పాస్‌వర్డ్ ఇవ్వడాన్నీ విడిగా రాయండి, రెండింటి ప్రమాదం ఒకటి కాదు. తప్పెవరిదని ముందే రాసేసే మేనేజర్లంటే నాకిప్పుడు ఒళ్లు మండుతోంది.

పంపే ముందు ఆ అమ్మాయికి చదివి వినిపించాను. కాసేపు ఆగి, "సార్, ఓటీపీ కూడా ఎంటర్ చేశాను. పొద్దున భయమేసి చెప్పలేదు" అంది. వెంటనే ఆ వాక్యం చేర్చి పంపాను. ఓటీపీ కూడా వాళ్ల చేతికి వెళ్లిందంటే, వాళ్లు అప్పటికే లోపలికి వచ్చి ఉండవచ్చు. పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన తెరుచుకున్న సెషన్ పోతుందన్న గ్యారంటీ లేదు. సెక్యూరిటీ వాళ్లు ఆమె సెషన్లన్నీ రద్దు చేసి, మెయిల్‌బాక్స్ రూల్స్ చూశారు. "ఇన్‌వాయిస్" అని ఉన్న ప్రతి మెయిల్‌నూ వేరే ఫోల్డర్‌లోకి నెట్టే రూల్ ఒకటి దొరికింది. అది ఆమె పెట్టింది కాదు.