పదో రోజు, మాసికం, ఏడూడి: ఆ గడువులు ఎవరు పెట్టారు?

మా ఆయన పోయేనాటికి నాకు ఇరవై తొమ్మిదేళ్లు, పాపకు మూడేళ్లు. ఈ మధ్య మా చుట్టాల్లో ఒక అమ్మాయికి అదే వయసులో అదే కష్టం వచ్చింది. చూడ్డానికి వెళితే వచ్చినవాళ్లంతా ఆమె చుట్టూ చేరి ఎవరికి తోచింది వాళ్లు చెబుతున్నారు, ఆమె మాత్రం గోడకి ఆనుకుని తల ఊపుతోంది. అక్కడ నాకు మాట్లాడే సందు దొరకలేదు. చెల్లీ, నీతో చెప్పాలనుకున్నవన్నీ ఇక్కడ రాస్తున్నాను. నీలాంటి మరో అమ్మాయి చదివినా మంచిదే.

అప్పట్లో నన్ను అడిగిన ప్రతిదానికీ ఒక గడువు ఉండేది. గాజులు, తాళి, బొట్టు పదో రోజుకల్లా తీసెయ్యాలి. ఆస్తి కాగితం మీద సంతకం నెల మాసికంలోపు పడాలి. ఏడూడి వెళ్లేలోపు పెళ్లి సంగతి తేలాలి, చేసుకోవాలని ఒకరు, ఆ ఊసే ఎత్తకూడదని ఇంకొకరు. నాకు ఊపిరాడకుండా చేసింది ఆ తొందరే. తర్వాత ఒక్కొక్కటీ విడివిడిగా కనుక్కుంటే, ఈ మూడింటిలో ఒక్కదానికీ చట్టం తేదీ పెట్టలేదని తెలిసింది.

పదో రోజు ముందు సాయంత్రం మా పెద్దత్తయ్య వచ్చి, "రేపు తెల్లారకముందే లేపుతాం, ముత్తైదువలు లేవకముందే అయిపోవాలి" అంది. "అత్తయ్యా, అది చెయ్యకపోతే ఆయనకి చెయ్యాల్సిన కర్మ ఆగిపోతుందా?" అని అడిగాను. ఆవిడ జవాబు చెప్పలేదు. నాన్న వెళ్లి కర్మ చేయించే శాస్త్రిగారినే అడిగారు. ఆయన చాలా నెమ్మదిగా, "నేను చేయించేది పిండప్రదానం, ధర్మోదకాలు. మీరడిగేది ఇంట్లో ఆడవాళ్లు జరుపుకునే తంతు. అది జరగలేదని నా పని ఆగదు" అన్నారు. నాకు ఆ మాట చాలు. మంగళసూత్రం నేనే, నా గదిలో, ఎవరూ చూడకుండా తీసి పాప కోసం బీరువాలో పెట్టాను. గాజులు పగలగొట్టించుకోలేదు. బొట్టు పెట్టుకుంటూనే ఉన్నాను. ఉయ్యాల్లో ఉన్నప్పుడు మా అమ్మ పెట్టిన బొట్టు అది, పెళ్లితో వచ్చింది కాదు.

నువ్వూ అలాగే చెయ్యాలని నేను అనను. ఆ గుర్తులన్నీ తీసేస్తే నీ మనసు తేలికపడుతుందనిపిస్తే తియ్యి, అదీ నీ ఇష్టమే. పది మంది పట్టుకుని కూర్చోబెట్టి నీ చేతులు బండకేసి కొట్టడం మాత్రం ఎవరి హక్కూ కాదు. "వద్దు" అన్నా ఆగకపోతే పోలీసులకి చెప్పవచ్చు, మహిళల హెల్ప్‌లైన్ 181 ఉంది. ఆ నంబరు మా చెల్లి తన ఫోన్‌లో పెట్టుకుని ఆ రాత్రి నా పక్కనే పడుకుంది. తెల్లవారి ఎవరూ మమ్మల్ని లేపలేదు.

ఇక కాగితం సంగతి. దీని గురించి వివరంగా చెబుతాను, ఎందుకంటే తీసిన గాజులు రేపు మళ్లీ వేసుకోవచ్చు గానీ, రిజిస్టరైన సంతకాన్ని రద్దు చేయించాలంటే సివిల్ కోర్టు మెట్లెక్కాలి.

మా ఆయన తన జీతంతో, తన పేరు మీద ఒక ఇళ్ల స్థలం కొన్నారు. వీలునామా ఏమీ రాయలేదు, ఆ వయసులో ఎవరు మాత్రం రాస్తారు? మాసికం దగ్గరపడుతుండగా మామగారు టైపు చేయించిన స్టాంపు పేపర్లు తెచ్చి, "రికార్డుల్లో పేరు మార్చడానికమ్మా, మామూలు సంతకమే, రేపు రిజిస్ట్రారాఫీసుకి వెళ్లాలి" అన్నారు. పైన "హక్కు విడుదల దస్తావేజు" అని ఉంది. చదివి ఇస్తానని తీసుకున్నాను. మొదటి పేజీలో నా వాటా వదులుకుంటున్నట్టు ఉంది. రెండో పేజీ మధ్యలో, "నా మైనరు కుమార్తె తరఫున సంరక్షకురాలిగా కూడా" అని ఒక ముక్క. అంటే నా సంతకంతో మూడేళ్ల పిల్ల వాటా కూడా పోతుంది. ఆ వాక్యం దగ్గర నా వేలు ఆగిపోయింది.

కోర్టు ఆవరణలో ఉండే న్యాయసేవల కమిటీ ఆఫీసుకి అమ్మతో కలిసి వెళ్లాను. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచితంగా లాయరుని ఇస్తారు, 1987 నాటి చట్టంలో ఉన్న హక్కు అది. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. అక్కడి లాయరమ్మ కాగితాలు చదివి, తెల్లకాగితం మీద మూడు గీతలు గీసింది. హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం వీలునామా లేకుండా పోయిన మగవాడి స్వార్జితం భార్యకి, పిల్లలకి, తల్లికి సమానంగా వస్తుంది. మా ఇంట్లో అయితే నాకొకటి, పాపకొకటి, మా అత్తగారికొకటి. ఈ ముగ్గురూ ఉండగా తండ్రికి వాటా రాదు. అంటే కాగితం తెచ్చిన మామగారికి ఆ స్థలంలో హక్కే లేదు. ఏమీ అడగకుండా మూల కూర్చుని ఏడ్చే మా అత్తగారికి మాత్రం నాతో సమానంగా ఉంది. ఇవి స్వార్జితం లెక్కలు, పిత్రార్జితం ఉంటే లెక్క వేరుగా వెయ్యాలి. ముస్లింలకి, క్రైస్తవులకి వారసత్వ నియమాలు వేరు.

పాప వాటా గురించి ఆమె చెప్పిన మాట ఇంకా గట్టిది. తండ్రి పోయాక మైనరు పిల్లకి సహజ సంరక్షకురాలు తల్లే. అయినా పిల్ల స్థిరాస్తిని అమ్మాలన్నా వదులుకోవాలన్నా తల్లికి కూడా కోర్టు అనుమతి ఉండాలి. అది లేకుండా నేను సంతకం పెడితే, పాప పెద్దయ్యాక ఆ దస్తావేజు చెల్లదని కోర్టుకి వెళ్లవచ్చు.

ఇంటికొచ్చి మామగారితో ఒకే మాట చెప్పాను. "మామయ్యగారూ, అత్తయ్య వాటా అత్తయ్యదే, దానికి నేను అడ్డు రాను. నా వాటా గురించి ఇప్పుడు ఏమీ తేల్చుకోను. పాప వాటా వదిలెయ్యడానికి నాకే అధికారం లేదు." ఆయన కోపంతో లేచి వెళ్లిపోయారు. వారం తిరక్కుండా చుట్టాల్లో నా మీద పుకారు పుట్టింది, "ఇంకో పెళ్లి చేసుకోడానికే ఆస్తి పట్టుకుంది" అని. అది విని రాత్రంతా ఏడ్చాను. కానీ కాగితం మీద సంతకం పడలేదు.

ఆ పుకారుకి తోడు ఇంకొకటి అనేవాళ్లు: పెళ్లి చేసుకుంటే మొగుడి ఆస్తి వెనక్కి ఇచ్చెయ్యాలని. ఒకప్పుడు అది నిజమే. వితంతువులు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని చెప్పిన 1856 చట్టమే, పెళ్లి చేసుకుంటే మొదటి భర్త ఆస్తి మీద హక్కు పోతుందనీ రాసింది. ఆ చట్టాన్ని తర్వాత రద్దు చేశారు. 1956 చట్టం కింద భార్యకి వచ్చిన వాటా ఆమెకి సంపూర్ణ హక్కుతో వస్తుంది, తర్వాత పెళ్లి చేసుకున్నా పోదు. మళ్లీ పెళ్లి చేసుకున్నంత మాత్రాన తల్లి సంరక్షకత్వం కూడా పోదు. పెళ్లితో నిజంగా ఆగేది ఒకటుంది, అదీ తెలుసుకో. మా ఆయనకి పీఎఫ్ ఉండేది కాబట్టి నాకు నెలనెలా వితంతు పింఛను వస్తోంది. ఆ పింఛను మళ్లీ పెళ్లి అయితే ఆగిపోతుంది, పిల్లలకి రావాల్సింది మాత్రం ఆగదు. ఇలాంటివి తెలిసి తీసుకునే నిర్ణయం వేరు, భయంతో తీసుకునేది వేరు.

ఏడూడి దగ్గరికొచ్చేసరికి పెద్దవాళ్లు కొత్త మాట ఎత్తారు, మా మరిదికిచ్చి చేద్దామని. "పిల్ల ఇంట్లోనే ఉంటుంది, స్థలం ఇంట్లోనే ఉంటుంది" అన్నారు. మా అమ్మ కూడా మెత్తబడింది, కూతురికి ఒక నీడ దొరుకుతుందని. మేమిద్దరం ఏమనుకుంటున్నామో మాత్రం ఎవరూ అడగలేదు. నేనే అతన్ని పెరట్లోకి పిలిచి, "నీకు ఇష్టమేనా?" అన్నాను. తల దించుకుని, "వదినా, మీరు నాకు అమ్మ తర్వాత అమ్మ. నాన్న మాట కాదనలేక ఊరుకున్నాను" అన్నాడు. ఇద్దరం కలిసి లోపలికి వెళ్లి చెప్పాం. ఒక్కదాన్నే చెప్పి ఉంటే మొండితనం అనేవాళ్లు. ఇద్దరం చెప్పేసరికి ఆ ప్రస్తావన అక్కడితో ఆగింది.

అలాగని మరిదితో పెళ్లి తప్పని కాదు. ఇద్దరికీ మనసుంటే అది మంచి పెళ్లే. నాతో పనిచేసే ఒకావిడ భర్త పోయిన కొన్నాళ్లకి తనకి నచ్చినతన్ని చేసుకుంది, మొదటి అత్తగారే వచ్చి అక్షింతలు వేశారు. "మన ఇళ్లల్లో ఇలాంటివి లేవు" అనేవాళ్లుంటారు. రాజమండ్రిలో వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం జరిపించింది 1881లో, అది జరిగింది మన తెలుగు ఇళ్లల్లోనే. నేను ఇప్పటిదాకా పెళ్లి చేసుకోలేదు. దాన్ని త్యాగమని పొగిడితే నాకు నచ్చదు, "పాపం" అంటే అసలే నచ్చదు. ప్రస్తుతానికి నాకిలా బాగుంది. రేపు మనసు మారితే అప్పుడు చూసుకుంటాను.

చెల్లీ, నువ్వు ఇప్పుడు చేసుకోవాల్సిన పనులు కొన్నే. మరణం 21 రోజుల్లోపు నమోదయిందో లేదో కనుక్కో, చట్టం పెట్టిన గడువు అది. ధ్రువపత్రం నకళ్లు ఎక్కువే తీసుకో, బ్యాంకు, పీఎఫ్, బీమా అన్నీ అడుగుతాయి. తహసీల్దారు ఆఫీసులో కుటుంబ సభ్యుల సర్టిఫికెట్‌కి దరఖాస్తు పెట్టు, అందులో నీ పేరూ నీ బాబు పేరూ సరిగ్గా పడ్డాయో చూసుకో. ఆయన ఆధార్, పాస్‌బుక్, పాలసీ కాగితాలు నీ దగ్గరే ఉంచుకో, ఎవరడిగినా నకలే ఇవ్వు. ఎవరైనా కాగితం తెచ్చి సంతకం అంటే, "చదివి చెబుతాను, ఇక్కడ పెట్టండి" అను. తెచ్చినవాళ్లు అది వెనక్కి లాక్కుంటే, నువ్వు దాన్ని చదవడం వాళ్లకి ఇష్టం లేదన్నమాట. అప్పుడు ఏ వేళైనా సరే నాకు ఫోన్ చెయ్యి, ఆ న్యాయసేవల ఆఫీసుకి ఇద్దరం కలిసి వెళదాం.