నాలుగింటి ఆకలి

తెల్లవారుజామున నాలుగు. వార్డంతా నిద్రలో ఉంది. నా చేయి బిస్కెట్ ప్యాకెట్ మీదికి వెళ్లింది. అన్నం తిని మూడు గంటలే అయింది.

వరుసగా ఇది ఐదో రాత్రి డ్యూటీ. పగలు నాలుగున్నర గంటలకు మించి నిద్ర పట్టడం లేదు. నిద్ర తగ్గితే ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ పెరుగుతుంది, చాలని చెప్పే లెప్టిన్ హార్మోన్ తగ్గుతుంది. పైన ఒత్తిడి కూడా ఉంటే మనసు తీపి వైపే లాగుతుంది.

చికాగో విశ్వవిద్యాలయంలో 2010లో వెలువడిన పరిశోధన నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. పదిమందికి రెండేసి వారాలు ఒకే తక్కువ కేలరీల తిండి పెట్టారు. నిద్రకు ఎనిమిదిన్నర గంటలు ఇచ్చినా, ఐదున్నర ఇచ్చినా బరువు సుమారు 3 కిలోలే తగ్గింది. కానీ అందులో కొవ్వు మొదటి సందర్భంలో 1.4 కిలోలు, రెండో సందర్భంలో 0.6 కిలోలే. బరువు తూచే యంత్రం ఈ తేడా చెప్పదు.

రేపటి నుంచి డ్యూటీకి వెళ్లేముందే కడుపునిండా భోజనం. రాత్రికి ఉడికించిన గుడ్లు, మజ్జిగ. రాత్రి రెండు గంటలు దాటాక టీ వద్దు. ఇంటికి రాగానే రెండు ఇడ్లీలు తిని, ఫోను వంటగదిలో పెట్టి పడుకోవడం. కిటికీకి నల్లటి దుప్పటి డ్యూటీకి వచ్చేముందే కట్టాను. మధ్యాహ్నం మెలకువ వస్తే, డ్యూటీకి ముందు మరో గంటన్నర కునుకు తీస్తాను.