తమ్ముడి ఏడాది ప్రసంగం

నిద్ర పట్టడం లేదు. సాయంత్రం తమ్ముడు మాట్లాడిన తీరు మీద కోపం ఇంకా తగ్గలేదు. జూదం మానాలనుకునేవాళ్లు కలుసుకునే గ్యాంబ్లర్స్ అనానిమస్ సమావేశాలకు మామూలుగా బయటివాళ్లను రానివ్వరు. ఆట మాని ఏడాది నిండిన రోజున మాత్రం కుటుంబం వెళ్లవచ్చు. అమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చింది. చేతులకు మట్టిగాజులే.

అక్కడ అందరూ చెప్పినట్టే వాడూ "నేను జూదరిని" అని మొదలుపెట్టాడు. ఆ వెంటనే గాజుల మాట ఎత్తాడు. "అమ్మ గాజులు, నాన్న స్థలం అమ్మి నా అప్పు కట్టారు. ఆ రాత్రే మళ్లీ రమ్మీ ఆడాను. వాళ్లు కట్టకపోయి ఉంటే రెండేళ్లు ముందే మానేసేవాణ్ణేమో" అన్నాడు. చప్పట్లు కొట్టారు! అమ్మ మాత్రం తల ఎత్తలేదు. ఆ మాట ఇంట్లో చెప్పుకోవచ్చు కదా? జవాబు చెప్పడానికి నాన్న లేరు. కొడుకు కోసం తనకున్నదంతా ఇచ్చిన మనిషిని నలుగురిలో తప్పుపట్టడానికి ఏడాది పండగే దొరికిందా? ఆటోలో వాడితో ఒక్క మాట కూడా మాట్లాడలేదు నేను.

వాడు చెప్పిన లెక్క మాత్రం మనసులోంచి పోవడం లేదు. ఎంత బాకీ ఉందని నాన్న అడిగితే నాలుగు లక్షలన్నాడట. నిజానికి 5,20,000. సిగ్గుతో తగ్గించి చెప్పాడు. నాన్న నాలుగు లక్షలూ కట్టేశారు. మిగిలిన 1,20,000 గురించి ఇక నోరు విప్పలేడు, జీతంలోంచి తీర్చలేడు. అది తీరడానికి వాడికి కనిపించిన దారి ఆట ఒక్కటే. పైగా బాకీ తీరిన క్రెడిట్ కార్డు మళ్లీ నిండుగా వాడుకోవడానికి సిద్ధంగా ఉంది. తెలంగాణలో ఆన్‌లైన్ రమ్మీ మీద 2017 నుంచే నిషేధం ఉన్నా, వేరే రాష్ట్రంలో ఉన్నట్టు ఫోనులో చూపించి ఆడాడు. గ్యాంబ్లర్స్ అనానిమస్ వాళ్లు కొత్తవాళ్లను అడిగే ఇరవై ప్రశ్నల్లో, అప్పులు తీర్చే డబ్బు కోసం ఎప్పుడైనా జూదం ఆడారా అన్నదీ ఒకటి.

నిరుడు మా ఇంటికి ఇద్దరు పాత సభ్యులు నోటుపుస్తకంతో వచ్చిన రాత్రి గుర్తొస్తోంది. వాడినీ మరదలినీ పక్కపక్కన కూర్చోబెట్టారు. బాకీలు ఒక్కొక్కటే రాశారు. రాయడం అయిపోయాక పెద్దాయన, "ఇంకా చెప్పనిది ఏమైనా ఉందా?" అని అడిగారు. లేదన్నాడు. కాసేపాగి మళ్లీ అడిగారు. మళ్లీ లేదన్నాడు. మూడోసారి అడిగినప్పుడు వాడు ఏడ్చేశాడు. ఆఫీసు స్నేహితుడికి 40,000 ఇవ్వాలి. దాన్ని దాచుకుంటే మళ్లీ ఆడటానికి కారణం దాచుకున్నట్టేనని పెద్దాయన మెల్లగా చెప్పారు. అదీ కలిపితే 7,20,000.

జీతం 48,000. అద్దె, పిల్లల ఫీజు, ఇంటి ఖర్చు కలిపి 33,000 ముందే పక్కన పెట్టించారు. ఇల్లు గడవకపోతే మళ్లీ అప్పే కదా. మిగిలిన 15,000ను ఎవరి బాకీని బట్టి వాళ్లకు పంచారు. ఆ స్నేహితుడి వాటా నెలకు 830 వచ్చింది. "830 రూపాయలా?" అని అతను కేకలేశాడు, తర్వాత ఒప్పుకున్నాడు. వడ్డీ వదిలేసినా నాలుగేళ్లు పడుతుంది. జీతం మరదలి ఖాతాలోకి పోతుంది, వాడి చేతికి బస్సు ఖర్చు మాత్రమే. ఒకేసారి కట్టేయడానికి ఎవరినీ సాయం అడగకూడదన్నారు. ఆ రాత్రి వాళ్లు కఠినులనిపించింది నాకు.

ఇంతవరకు రాశాక కోపం కొంత పక్కకు జరిగింది. చివరి వరుసలో ఒక కుర్రాడు తండ్రితో వచ్చి కూర్చున్నాడు. కొడుకు బాకీ తీర్చడానికి ఆయన ఎకరం పొలం బేరం పెట్టారని తమ్ముడికి ముందే తెలుసని మరదలు ఇందాక చెప్పింది. ఆ తండ్రి వినాలనే గాజుల సంగతి చెప్పి ఉంటాడు. అమ్మకు ముందుగా ఒక మాట చెప్పి ఉండాల్సింది, అది మాత్రం ఇప్పటికీ అంటాను. మరదలి గురించి ఒక్క వాక్యమైనా చెప్పకపోవడం కూడా నాకు నచ్చలేదు. ఏడాదిగా ఆ నోటుపుస్తకం నడిపింది ఆ అమ్మాయే.

రాత్రి బాబాయి ఫోన్ చేశారు. "ఏడాది నిలబడ్డాడుగా, మిగిలిన 5,40,000 నేను కట్టేస్తానమ్మా, నెమ్మదిగా నాకిస్తాడు" అన్నారు. ఆ క్షణాన ఎంత సంతోషించానో! రేపు చెబుతానని పెట్టేశాను. పొద్దున్నే ఫోన్ చేసి వద్దంటాను. నొచ్చుకుంటారు. అంతగా చేయాలనుంటే పిల్లల పేరు మీద బ్యాంకులో వేయమంటాను, తమ్ముడి చేయి పడకుండా.